కింది సైనికుల నేరాలకు పై కమాండర్‌కు శిక్ష: బెంబా కేసు ఎందుకు తిరగబడింది?

స్వాతి_ఎల్‌ఎల్‌ఎం (విశాఖపట్నం)
అందరికీ నమస్కారం. వచ్చే నెల మాకు మూట్ కోర్టు, అంటే విద్యార్థులు వాదించే నమూనా కోర్టు పోటీ ఉంది. అంశం కమాండ్ రెస్పాన్సిబిలిటీ, అంటే కింది సైనికుల నేరాలకు కమాండర్ బాధ్యత. జాన్-పియర్ బెంబా కేసు చదువుతూ ఒకచోట ఆగిపోయాను.

బెంబా కాంగోలో ఎంఎల్‌సీ అనే తిరుగుబాటు దళానికి నాయకుడు. 2002 అక్టోబరులో పక్క దేశం మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ అధ్యక్షుడు పటాసే సాయం అడిగితే సుమారు 1500 మంది సైనికులను పంపాడు. వాళ్లు 2003 మార్చి వరకు అక్కడే ఉన్నారు. హత్యలు, అత్యాచారాలు, లూటీలు చేశారు. అంతర్జాతీయ క్రిమినల్ కోర్టులో ముగ్గురు జడ్జీలు 2016లో ఏకగ్రీవంగా దోషి అన్నారు, 18 ఏళ్లు వేశారు. 2018 జూన్ 8న అప్పీలు బెంచి 3-2 తేడాతో పూర్తిగా వదిలేసింది.

నా ప్రశ్న ఇది. అప్పీలులో గెలవడానికి ఒక కారణం, "అతను దూరంగా ఉన్న కమాండర్, చేయగలిగింది పరిమితం" అన్నది. అంటే దూరంగా కూర్చుంటే బాధ్యత తగ్గిపోతుందా? అలాగైతే ఈ సూత్రానికి అర్థం ఏముంది?

గోదావరి_కుర్రోడు
స్వాతి గారు, ఇందులో అంత ఆలోచించడానికేం లేదనుకుంటాను. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్ జనరల్ యమషిటాను ఉరి తీశారు కదా. మనీలాలో అతని సైన్యం సుమారు లక్ష మంది పౌరులను చంపింది. అతను ఆర్డర్ ఇచ్చాడని ఎవరూ నిరూపించలేదు. అయినా 1946 ఫిబ్రవరి 23న ఉరి. కింద వాడు నేరం చేస్తే పైవాడూ నేరస్థుడే, అదే రూలు. బెంబాను వదిలేయడం రాజకీయం.

శ్రీధర్_హేగ్
కుర్రోడు గారు చెప్పిన యమషిటా విషయాలు నిజమే. కానీ ఆయన చెప్పిన రూలు ఇప్పుడు లేదు. ఆ తీర్పు వచ్చిన రోజుల్లోనే దాన్ని చాలామంది ఒప్పుకోలేదు. అమెరికా సుప్రీంకోర్టులో జస్టిస్ మర్ఫీ, జస్టిస్ రట్‌లెడ్జ్ గట్టిగా విభేదించారు. అమెరికన్ దళాలే అతని కమ్యూనికేషన్లను తెంచేశాయి, మనీలాలో ఉన్నది నౌకాదళం వాళ్లు, అతను కొండల్లో ఉన్నాడు. అలాంటప్పుడు అతనికి ఏం తెలుసు, ఏం చేయగలిగాడు అన్నది తేల్చకుండా శిక్ష వేయడం తప్పు అన్నది వాళ్ల మాట. తర్వాత వచ్చిన చట్టమంతా ఆ అసమ్మతి చూపిన దారిలోనే నడిచింది.

నేను కొన్నేళ్లు అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు ఉన్న హేగ్‌లో బాధితుల తరఫు లాయర్ల దగ్గర రీసెర్చ్ పని చేశాను. బెంబా కేసు నా కళ్ల ముందు నడిచింది కాబట్టి నా మాటల్లో కొంత బాధ కనిపించవచ్చు, ముందే చెబుతున్నాను.

ఆ కోర్టును ఏర్పాటు చేసిన ఒప్పందం రోమ్ స్టాట్యూట్. దాని 28వ అధికరణం కింద సైనిక కమాండర్‌కు శిక్ష పడాలంటే ప్రాసిక్యూషన్ ప్రతి మెట్టూ ఎక్కాలి. ఆ సైనికులు నిజంగా అతని అదుపులో ఉన్నారా? నేరాలు జరుగుతున్నాయని అతనికి తెలుసా, లేక ఆ పరిస్థితుల్లో తెలుసుకుని ఉండాల్సిందా? తెలిశాక ఆపడానికో, శిక్షించడానికో, దర్యాప్తు చేసేవాళ్లకు అప్పగించడానికో తన చేతిలో ఉన్న సమంజసమైన చర్యలన్నీ తీసుకున్నాడా? బెంబా కేసు మొదటి రెండు మెట్ల దగ్గర పడిపోలేదు. మూడో మెట్టు దగ్గర, ఇంకా చెప్పాలంటే అంతకన్నా ముందు ఛార్జిషీటు దగ్గర పడిపోయింది.

విజయభాస్కర్_రిటైర్డ్
నేను పోలీసు శాఖలో 34 ఏళ్లు చేసి రిటైరయ్యాను. నాకు ఈ విషయం బాగా తెలుసు. నేను ఎస్సైగా ఉన్నప్పుడు నా స్టేషన్‌లో ఇద్దరు కానిస్టేబుళ్లు ఒక కుర్రాడిని కొట్టారు. నేను ఆ రోజు బందోబస్తుకి వేరే ఊరు వెళ్లాను. అయినా నాకు మెమో ఇచ్చి ఒక ఇంక్రిమెంటు ఆపారు. "సూపర్‌విజన్ లోపం" అన్నారు. పదేళ్లు ఆ బాధ మోశాను. కాబట్టి దూరంగా ఉన్న అధికారిని శిక్షించడం అన్యాయం అని అప్పీలు కోర్టు అన్నది కరెక్టే.

శ్రీధర్_హేగ్
భాస్కర్ గారూ, మీకు జరిగింది నాకు అర్థమైంది. కానీ అది వేరే త్రాసు. మీకు పడింది శాఖాపరమైన చర్య. అక్కడ పర్యవేక్షణ సరిగా లేదంటే చాలు. ఇక్కడ మనిషిని దోషిగా నిలబెట్టి 18 ఏళ్లు జైలుకు పంపుతున్నారు. మీ కేసునే ఈ చట్టంలో పెట్టి చూద్దాం. మీరు తిరిగొచ్చాక ఆ కుర్రాడి ఒళ్లు చూసి, కేసు డైరీలో రాయకుండా, ఆ ఇద్దరినీ మర్నాడు అదే డ్యూటీకి పంపి ఉంటే ప్రశ్న మొదలవుతుంది. మీరు ఊళ్లో లేకపోవడం ఒక్కటే ఎటూ తేల్చదు.

విజయభాస్కర్_రిటైర్డ్
నేను తిరిగొచ్చాక వాళ్లిద్దరినీ రిపోర్ట్ చేశాను సార్. అందుకే ఆ మెమో ఇంకా గుచ్చుకుంటుంది. సరే, మీరు చెప్పిన తేడా ఒప్పుకుంటాను.

స్వాతి_ఎల్‌ఎల్‌ఎం (విశాఖపట్నం)
శ్రీధర్ గారు, మూడో మెట్టు దగ్గర వివరంగా చెప్పగలరా? బెంబా చర్యలు తీసుకున్నాడు కదా. ఎంక్వయిరీ వేశాడు, కోర్టు మార్షల్ పెట్టాడు. ట్రయల్ కోర్టు వాటిని ఎందుకు లెక్కలోకి తీసుకోలేదు?

శ్రీధర్_హేగ్
లెక్కలోకి తీసుకుంది. అవి చాలవని చెప్పింది. ఒక్కొక్కటీ చూడండి.

సైనికులు మధ్య ఆఫ్రికా రాజధాని బాంగీ చేరిన కొద్ది రోజుల్లోనే లూటీల వార్తలు రేడియోలో వచ్చాయి. బెంబా నవంబరులో స్వయంగా వెళ్లి సైనికులతో మాట్లాడాడు. కల్నల్ మొండొంగా అనే అధికారితో ఒక విచారణ చేయించాడు. దాని ఫలితంగా ఏడుగురు సైనికులను కాంగోలో బెంబా స్థావరమైన బడోలిటేలో కోర్టు మార్షల్ చేశారు. ఏ నేరానికి? చిన్నాచితకా సామాన్లు, కాస్త డబ్బు లూటీ చేసినందుకు. అత్యాచారాలకు ఒక్కరి మీదా కేసు లేదు, హత్యకూ లేదు.

తర్వాత జోంగో కమిషన్. జోంగో అంటే ఉబాంగీ నదికి ఇవతల, కాంగో వైపు ఉన్న ఊరు. అవతలి ఒడ్డున బాంగీ. లూటీ సామాను నది దాటి ఇటు వస్తోందా అని చూడటమే ఆ కమిషన్ పని. నది దాటి బాధితులను అడిగింది లేదు. ఆ తర్వాత సిబూత్ అనే ఊరికి కొందరు అధికారులను, విలేకరులను పంపారు. ట్రయల్ కోర్టు దాన్ని దర్యాప్తు అనడానికే ఒప్పుకోలేదు. వీటన్నిటి వెనక బెంబా ముఖ్య ఉద్దేశం తన దళానికి వచ్చిన చెడ్డపేరు తుడుచుకోవడమే అని రాసింది.

ఐక్యరాజ్యసమితి ప్రతినిధికి ఒక లేఖ, మానవ హక్కుల సంస్థకు ఒక లేఖ కూడా రాశాడు. వీటిని పక్కన పెట్టి ట్రయల్ జడ్జీలు ఇంకో జాబితా చూపించారు. సైనికులకు సరైన శిక్షణ, స్పష్టమైన ఆదేశాలు, అక్కడి కమాండర్‌ను మార్చడం, పౌరులుండే చోట్ల నుంచి దళాలను జరపడం, చివరికి వెనక్కి పిలిపించడం. వెనక్కి పిలవడం అతని చేతిలోనే ఉంది. 2003 మార్చిలో పిలిచాడు కూడా.

సుబేదార్_నాయుడు (శ్రీకాకుళం)
మధ్యలో వస్తున్నందుకు క్షమించండి. నేను లాయర్‌ని కాను. ఆర్మీలో సుబేదార్‌గా రిటైరయ్యాను. బ్లూ హెల్మెట్ వేసుకుని ఐక్యరాజ్యసమితి మిషన్‌లో కాంగోలో, గోమా వైపు ఒక టెన్యూర్ చేశాను. ఈ కేసు నడిచిన చోటు కాదు, కానీ ఆ దేశం తిండి తిన్నాను, అక్కడి సాయుధ దళాలను దగ్గరగా చూశాను.

పైవాడికి తెలియదు అనే మాట నాకు నమ్మశక్యం కాదు. లూటీ ఎప్పుడూ దాగదు. అడవిలోంచి వచ్చే సైనికుడి భుజాన తుపాకీతోపాటు పరుపు ఉంటే, సైకిలు వెనక ఎవరిదో కుట్టుమిషను ఉంటే ఇక రిపోర్ట్ ఎందుకు? జీతం నెలల తరబడి రాని దళం ఎలా బతుకుతోందో కమాండర్‌కు తెలియకపోతే అతను కమాండరే కాదు. రేషన్ ఇవ్వకుండా ఊళ్లోకి పంపడం అంటే ఊళ్లో తినమని చెప్పడమే.

ఒక మాట అడుగుతాను శ్రీధర్ గారు. బెంబా దగ్గర వైర్‌లెస్ సెట్ ఉందా? వాళ్లతో రోజూ మాట్లాడేవాడా?

శ్రీధర్_హేగ్
నాయుడు గారూ, సరైన చోట చెయ్యి పెట్టారు. శాటిలైట్ ఫోను ఉంది, రేడియో ఉంది. బాంగీలో ఆ దళాన్ని నడిపిన కల్నల్ ముస్తఫాతో సంబంధంలో ఉన్నాడు. రేడియో సందేశాలు రాసుకున్న పుస్తకాలు కోర్టులో సాక్ష్యంగా వచ్చాయి. బడోలిటే నుంచి బాంగీకి 250 కిలోమీటర్లకు పైగా దూరం ఉన్నా మాట మాత్రం నిమిషాల్లో చేరేది. యమషిటాకూ ఇతనికీ ఉన్న తేడా అదే. మీరు చెప్పిన జీతాల సంగతి కూడా తీర్పులో ఉంది. సరైన జీతం, రేషన్ లేక సైనికులు లూటీతో దాన్ని పూడ్చుకున్నారని ట్రయల్ కోర్టు తేల్చింది.

గోదావరి_కుర్రోడు
మరి ఇన్ని ఉన్నా ఎలా వదిలేశారు? నేను చెప్పింది తప్పని ఒప్పుకుంటాను, కానీ ఇది చదివాక ఇంకా కోపం వస్తోంది.

శ్రీధర్_హేగ్
మెజారిటీ జడ్జీలు ముగ్గురు, వాన్ డెన్ విన్‌గార్ట్, ఎబోయి-ఒసూజీ, మారిసన్. వాళ్ల వాదన నాకు నచ్చకపోయినా నిజాయితీగా చెబుతాను, ఎందుకంటే స్వాతి గారు మూట్‌లో అటువైపు నిలబడాల్సి రావచ్చు.

మొదటిది ఛార్జీల సంగతి. ఛార్జి రాసినప్పుడు ఏ ఊళ్లో, ఏ రోజు, ఏ నేరం అని వివరంగా చెప్పాలి కదా. ప్రాసిక్యూషన్ కొన్ని ఘటనలు చెప్పి, "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఆ దేశంలో జరిగిన నేరాలు" అన్నట్టు వదిలేసింది. ట్రయల్ కోర్టు ఆ తర్వాత బయటపడిన ఘటనల మీద కూడా దోషి అంది. అవి ఛార్జీల పరిధిలో లేవని అప్పీలు మెజారిటీ తీసేసింది. చివరికి మిగిలినవి ఒక హత్య, ఇరవై మంది మీద అత్యాచారం, ఐదు లూటీ ఘటనలు.

ఆ మిగిలిన దాన్ని పట్టుకునే రెండో వాదన. కోర్టు ముందున్న నేరాలు ఇన్నే అయినప్పుడు, చర్యలు చాలలేదని చెప్పడానికి "నేరాలు విస్తారంగా జరిగాయి" అని కొలబద్ద పెట్టడం తప్పు అన్నారు. పరాయి దేశంలో దర్యాప్తు చేయాలంటే అక్కడి ప్రభుత్వం సహకరించాలి, ఆ ఇబ్బందిని ట్రయల్ కోర్టు సరిగా తూచలేదన్నారు. ఆ దేశ ప్రధానమంత్రికి అంతర్జాతీయ విచారణ జరపమని బెంబా రాశాడని డిఫెన్స్ సాక్ష్యం ఇచ్చింది, దానికి తీర్పులో సమాధానమే లేదన్నారు. పేరు కాపాడుకోవడం కోసం చర్య తీసుకున్నా చర్య చర్యేనని, ఉద్దేశం ఒక్కదాన్నే చూపి దాన్ని కొట్టేయకూడదని కూడా అన్నారు. దళాలను జరపాల్సింది అన్న ఆరోపణను ముందుగా డిఫెన్స్‌కు చెప్పనేలేదన్నారు.

స్వాతి గారి మొదటి ప్రశ్నకు ఇక్కడే జవాబు ఉంది. దూరంగా ఉంటే బాధ్యత లేదని వాళ్లు అనలేదు. ఆ దూరం వల్ల ఏ చర్య సాధ్యం, ఏది కాదు అన్నది ట్రయల్ కోర్టు పరిశీలించలేదన్నారు. మూట్‌లో ఈ రెండింటినీ కలిపేస్తే జడ్జీలు అక్కడే పట్టుకుంటారు.

స్వాతి_ఎల్‌ఎల్‌ఎం (విశాఖపట్నం)
చాలా థ్యాంక్స్ సార్. నేను సరిగ్గా ఆ రెండింటినీ కలిపే రాశాను, ఇప్పుడు మార్చాలి. కానీ ఒక్కటి మింగుడుపడటం లేదు. పరాయి దేశంలో దర్యాప్తు కష్టమే అనుకుందాం. కానీ కోర్టు మార్షల్ జరిగింది సొంత గడ్డ మీద, సొంత సైనికుల మీద. వాళ్లను అత్యాచారం గురించి అడగడానికి ఏ ప్రధానమంత్రి అనుమతి కావాలి?

శ్రీధర్_హేగ్
కావాల్సిన పని లేదు. అసమ్మతి రాసిన మొనాగెంగ్, హాఫ్‌మాన్‌స్కీ దాదాపు అటువైపే ఉన్నారు. వాళ్ల మరో అభ్యంతరం ఇంకా లోతైనది. ట్రయల్ జడ్జీలు సాక్షులను ఏళ్ల తరబడి విన్నారు. వాళ్ల నిర్ణయం ఏ సమంజసమైన జడ్జీ తీసుకోలేనంత తప్పు అయితే తప్ప అప్పీలు కోర్టు తన అభిప్రాయాన్ని దాని స్థానంలో పెట్టకూడదు. మెజారిటీ ఆ గీత దాటేసిందని రాశారు. నాకూ అదే అనిపిస్తుంది.

లక్ష్మి_కె (డాలస్)
నాకు ఒకటే తెలుసుకోవాలని ఉంది. ఈ కేసులో బాధితులు ఎంతమంది? వదిలేశాక వాళ్లకేమైంది?

శ్రీధర్_హేగ్
లక్ష్మి గారూ, ఈ కేసులో కోర్టు బాధితులుగా నమోదు చేసింది 5229 మందిని. లింగాలా మాట్లాడే సైనికులు ఇంట్లోకి వచ్చారని, ఆ భాష వినే వాళ్లెవరో గుర్తుపట్టామని చెప్పిన వాళ్లు చాలామంది. అక్కడి జనం భాష సాంగో. ఆ భాష తేడాయే సాక్ష్యమైంది.

కోర్టు నష్టపరిహారం దోషిగా తేలితేనే వస్తుంది. నిర్దోషి అనగానే ఆ దారి మూసుకుపోయింది. కోర్టుకు అనుబంధంగా ఉన్న బాధితుల ట్రస్ట్ ఫండ్‌కు శిక్షతో సంబంధం లేకుండా సాయం చేసే అధికారం ఉంది. తీర్పు వచ్చిన కొద్ది రోజులకే మధ్య ఆఫ్రికాలో ఆ సాయం మొదలుపెడతామని ఫండ్ ప్రకటించింది. వైద్యం, మానసిక సాయం, బతుకుతెరువు లాంటివి. కానీ అది పరిహారం కాదు. నేరం జరిగింది, ఫలానావాడు బాధ్యుడు అని ఒక కోర్టు చెప్పడం వేరు.

లక్ష్మి_కె (డాలస్)
16 ఏళ్లు ఎదురుచూసి అదా దక్కింది. రాత్రి దీన్ని చదివి నిద్ర పట్టలేదు.

గోదావరి_కుర్రోడు
శ్రీధర్ అన్నా, ఇంకో డౌటు. ప్రాసిక్యూషన్ మొదటి నుంచి వేరే ఛార్జి పెట్టి ఉంటే? అతనే పంపాడు, అతనే ఆయుధాలిచ్చాడు. నేరంలో భాగస్వామి అనొచ్చు కదా.

శ్రీధర్_హేగ్
మంచి ప్రశ్న. నిజానికి ప్రాసిక్యూషన్ మొదట అలాగే వచ్చింది. పటాసేతో కలిసి నేరం చేసిన భాగస్వామి అంది. అలా అయితే నేరం జరగాలనే ఉద్దేశం, లేదా మామూలుగా జరిగే పనుల క్రమంలో అది జరిగితీరుతుందన్న ఎరుక నిరూపించాలి. సాక్ష్యం అంత దూరం రాలేదు. 2009లో ప్రీ-ట్రయల్ జడ్జీలే 28వ అధికరణం ఆలోచించమని సూచించారు, ఆ జూన్‌లో దాని కిందే ఛార్జీలు ఖరారయ్యాయి. భాగస్వామి అన్నప్పుడు అతను చేసినదానికి శిక్ష. కమాండర్ అన్నప్పుడు చేయాల్సింది చేయనందుకు శిక్ష. రెండోది తేలిక అనుకుంటారు, కానీ "ఏం చేసి ఉండాల్సింది" అన్నది ప్రాసిక్యూటరు ముందే కాగితం మీద పెట్టకపోతే ఎలా జారిపోతుందో ఈ కేసే చెబుతోంది.

విజయభాస్కర్_రిటైర్డ్
శ్రీధర్ గారూ, ఒక అనుమానం. ఆఫీసరు చర్య తీసుకోకపోవడం వల్లే నేరం జరిగిందని కూడా రుజువు చేయాలా? నేను ఆ రోజు స్టేషన్‌లో ఉన్నా వాళ్లు కొట్టేవారేమో. ఎవరు చెప్పగలరు?

శ్రీధర్_హేగ్
భాస్కర్ గారూ, అది ఇప్పటికీ తేలలేదు. అధికరణంలో "సరైన అదుపు చేయనందువల్ల" అన్న మాట ఉంది. దాన్ని బట్టి కారణ సంబంధం కావాలని కొందరు అంటారు. శిక్షించకపోవడం అన్నది నేరం అయిపోయాక వచ్చే లోపం, అయిపోయినదానికి అది కారణం ఎలా అవుతుందని ఇంకొందరు అడుగుతారు. బెంబా అప్పీలులో జడ్జీలు దీని మీద విడివిడిగా రాశారు, ఒక్కమాట మీదికి రాలేదు. స్వాతి గారు మూట్‌లో ఎటువైపైనా వాదించవచ్చు.

స్వాతి_ఎల్‌ఎల్‌ఎం (విశాఖపట్నం)
నాకు ప్రాసిక్యూషన్ వైపు వచ్చింది. మన దేశం రోమ్ స్టాట్యూట్‌లో చేరలేదు కదా, మా సార్ దాని మీద కూడా ఒక ప్రశ్న అడుగుతానన్నారు.

శ్రీధర్_హేగ్
చేరలేదు. 2018 డిసెంబరులో సజ్జన్ కుమార్ కేసులో ఢిల్లీ హైకోర్టు, మానవత్వానికి వ్యతిరేకమైన నేరాలు గానీ జాతి నిర్మూలన గానీ మన దేశీయ నేర చట్టంలో లేవని, ఈ లోటు వెంటనే పూడ్చాలని రాసింది. ఆ పేరా చదవండి, మీ సార్‌కు అది సరిపోతుంది.

గోదావరి_కుర్రోడు
బెంబా ఇప్పుడు ఎక్కడున్నాడు?

శ్రీధర్_హేగ్
పదేళ్లు జైల్లో ఉండి బయటికొచ్చాడు. సాక్షులను ప్రలోభపెట్టిన వేరే కేసులో మాత్రం శిక్ష నిలిచింది, ఒక ఏడాది జైలు, 3 లక్షల యూరోల జరిమానా. దాన్ని చూపే 2018లో అధ్యక్ష పదవికి అతని నామినేషన్ తిరస్కరించారు. 2023 మార్చిలో కాంగో రక్షణ మంత్రి అయ్యాడు, 2024 వరకు ఆ పదవిలో ఉన్నాడు.

సుబేదార్_నాయుడు (శ్రీకాకుళం)
రక్షణ మంత్రి. సరే.

స్వాతమ్మా, నువ్వు ప్రాసిక్యూషన్ అన్నావు కాబట్టి ఒకటి చెబుతాను. మా యూనిట్‌లో గస్తీ తిరిగొస్తే ముందు తూటాలు లెక్కపెట్టేవాళ్లం. ఎన్ని తీసుకెళ్లారు, ఎన్ని తెచ్చారు, తగ్గినవి ఎక్కడ పేల్చారు. సంచులు విప్పి చూసేవాళ్లం. దానికి ప్రధానమంత్రి లేఖ అక్కర్లేదు, పావుగంట చాలు. జోంగో ఒడ్డున దిగే ప్రతి పడవ దగ్గర ఒక హవల్దారును నిలబెట్టి సంచులు విప్పించి, ఇది ఎవరింట్లోది, ఆ ఇంట్లో ఇంకేం చేశావు అని అడిగించారా? కమిషన్ నది ఒడ్డు దాకా వెళ్లిందంటున్నారు. ఆ రెండో ప్రశ్న ఎవరైనా అడిగినట్టు రికార్డులో ఉందేమో చూడు.

స్వాతి_ఎల్‌ఎల్‌ఎం (విశాఖపట్నం)
చూస్తాను నాయుడు గారు. తీర్పులో జోంగో కమిషన్ పేరాలు మళ్లీ తెరిచాను. ఈ రాత్రికి అవే చదువుతాను.